రెండో ట్రిప్పు కొలత

బోరు ఎండిపోయి ఏడు నెలలైంది. యాభై నాలుగు ఫ్లాట్లున్న ఆ కాలనీకి గొంతు తడుపుకోవాలన్నా టాంకరే, గిన్నె కడుక్కోవాలన్నా టాంకరే. రోజుకు మూడు ట్రిప్పులు, ట్రిప్పుకు పది వేల లీటర్లు. పొద్దున ఆరింటికొకటి, ఏడింటికొకటి, సాయంత్రం నాలుగింటికొకటి. వచ్చిన ప్రతి బండి నంబరూ, వచ్చిన టైమూ, వెళ్లిన టైమూ, డ్రైవరు సంతకమూ ఒక పొడవాటి రిజిస్టరులోకి ఎక్కేవి. నెలాఖరున సప్లయరు బిల్లు రాగానే దాన్ని రిజిస్టరుతో సరిచూడాలి. అన్ని ఫ్లాట్ల మీటర్లూ చదివి, ఎవరు ఎన్ని లీటర్లు వాడారో రాసి నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆ పని చేసేది కింది అంతస్తులో సంపు పక్క ఫ్లాటు ఆవిడ. ఆమెను అందరూ స్టోర్సు అక్క అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. నూలు మిల్లు స్టోర్సులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. లోపలికొచ్చే ప్రతి పెట్టెనూ తూచి, లెక్కపెట్టి, ఆ తర్వాతే సంతకం పెట్టేది. మిల్లు మూతపడింది. మరుసటి ఏడాది భర్తకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఆయన్ను రోజుకు రెండుసార్లు తుడవాలి, పక్కబట్టలు ఉతకాలి. నీళ్లు లేని పూట ఆ ఇంట్లో ఎలా గడుస్తుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రిజిస్టరు రాస్తున్నందుకు కాలనీ ఆమెకు జీతమేమీ ఇచ్చేది కాదు. మెయింటెనెన్సూ, నీళ్ల చార్జీ మాఫీ చేసింది. ఆ మాఫీ లేకపోతే ఆ ఫ్లాటులో ఉండే స్తోమత ఆమెకు లేదు.

ఆ నెల బిల్లులో తొంభై రెండు ట్రిప్పులున్నాయి. రిజిస్టరులోనూ తొంభై రెండే. ఒక్క సంతకం తప్పిపోలేదు. అంటే లోపలికొచ్చినవి తొమ్మిది లక్షల ఇరవై వేల లీటర్లు. మీటర్లన్నీ కూడితే ఏడు లక్షల అరవై ఒక్క వేలు తేలాయి. మెట్లు కడగడానికీ, వాచ్‌మన్ కుళాయికీ కలిపి ఇంకో ఇరవై వేలు వేసుకున్నా, లక్షా ముప్పై తొమ్మిది వేల లీటర్లు కనిపించడం లేదు. పద్నాలుగు టాంకర్ల నీళ్లు. అంతకుముందు నెల తేడా రెండు టాంకర్లు కూడా లేదు. ఆమె మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అదే వచ్చింది.

ఆదివారం మీటింగులో గోల మొదలైంది. కొన్న నీళ్లన్నిటికీ డబ్బు కట్టాలి కాబట్టి, కనపడని నీళ్ల ఖర్చు కూడా యాభై నాలుగు ఇళ్ల మీదా పడింది. నాలుగో అంతస్తులో కుళాయి పొద్దున అరగంట సన్నగా కారి ఆగిపోతోంది. ఇద్దరు చంటిపిల్లలున్న ఇల్లాలు, స్నానం చేయించి నాలుగు రోజులైందని చెబుతూ ఏడ్చేసింది. ఆమె భర్త లేచి, నోటీసు బోర్డులో అందరికంటే ఎక్కువ వాడకం ఎవరిదో చూడమన్నాడు. అది స్టోర్సు అక్క ఫ్లాటుదే. సంపు మూత ఉన్నది ఆమె కిటికీ కిందేననీ, కలం ఉన్నదీ ఆమె చేతిలోనేననీ అన్నాడు. మంచాన పడ్డ మనిషికి ఎన్ని బకెట్లు కావాలో ఆమె చెప్పబోయింది. ఆ గోలలో ఆమె మాట మునిగిపోయింది.

మీటింగయ్యాక ప్రెసిడెంటు ఆమెను పక్కకు పిలిచాడు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు పెంచడు.

"అక్కా, నాకు మీ మీద అనుమానం లేదు. కానీ పది రోజుల్లో నీళ్లెక్కడ పోతున్నాయో తేలాలి. తేలకపోతే రిజిస్టరు ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

రిజిస్టరు పోతే మాఫీ పోతుంది. మాఫీ పోతే ఇల్లు పోతుంది. ఆ సాయంత్రం ఆమె భర్తకు అన్నం తినిపిస్తూ ముద్ద నోటికి అందించడం మరిచి అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాటి నుంచి సంపు కొలవడం మొదలుపెట్టింది. అన్నాళ్లూ ట్రిప్పులు లెక్కపెట్టిందే కానీ నీళ్లు కొలవలేదు. మిల్లులో అయితే తనను తనే క్షమించుకునేది కాదు. సంపు ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. ఒక సెంటీమీటరు నీరంటే మూడు వందల లీటర్లు. నిండు టాంకరు దిగితే మట్టం ముప్పై మూడు సెంటీమీటర్లు పెరగాలి. నీళ్లు దిగుతున్నప్పుడు మోటారు తోడేస్తుంటే కొలత తప్పుతుందని, రోజూ ఎనిమిదికి వేసే మోటారును ఆలోపు ఎవరూ వేయకుండా చూసింది. సాయంత్రం ట్రిప్పుకూ అంతే. పొడవాటి కర్ర మీద గీతలు గీసి, బండి రాగానే ఒకసారి, వెళ్లగానే ఒకసారి ముంచి చూసేది. రిజిస్టరులో రెండు కొత్త గడులు కొట్టింది: ముందు, తర్వాత.

నాలుగు రోజులకే విషయం బయటపడినట్టనిపించింది. మొదటి ట్రిప్పు ముప్పై మూడు. సాయంత్రం ట్రిప్పు ముప్పై మూడు. ఏడు గంటల ట్రిప్పు మాత్రం ఇరవై ఎనిమిది. మర్నాడు ఇరవై ఎనిమిది. ఆ మర్నాడు ఇరవై ఏడున్నర. మొదటి ట్రిప్పూ, సాయంత్రం ట్రిప్పూ తెచ్చేది చిన్న డ్రైవరు. ఏడు గంటల బండి పెద్ద డ్రైవరుది. రోజూ పదిహేను వందల లీటర్లు, గడియారం పెట్టినట్టు, ఒకే మనిషి బండిలో తక్కువ.

పెద్ద డ్రైవరుకు అరవై దగ్గరపడ్డాయి. పైపు తగిలించి, బండి చక్రం పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎప్పుడైనా కిటికీలోంచి ఆమె భర్త మూలుగు వినిపిస్తే, ఎలా ఉన్నారమ్మా అని అడిగేవాడు. ఒకసారి బండి పైపులో మిగిలిన నీళ్లను ఆమె రెండు బకెట్లలో పట్టి గుమ్మం దాకా తెచ్చిపెట్టాడు. అప్పుడు దీవించింది. ఇప్పుడదే గుర్తొచ్చి, నలుగురికి ఇలాగే పోస్తూ వస్తున్నాడేమోననుకుంది.

ఒక్క లెక్క మాత్రం ఆమెను గుచ్చింది. రోజుకు పదిహేను వందలంటే నెలకు నలభై అయిదు వేలు. పోయినవి లక్షా ముప్పై తొమ్మిది వేలు. మిగతా తొంభై నాలుగు వేల మాటేమిటి? సన్నగా కారే కుళాయిలకు మీటర్లు సరిగా తిరగవని ప్రెసిడెంటు అన్నాడు. అది నిజమే, సన్నధారకు పాత మీటరు ముల్లు కదలదు. కానీ తొంభై నాలుగు వేలా? మిల్లులో అయితే ఆమె ఆ కాగితాన్ని ముందుకు కదలనిచ్చేది కాదు. ఇక్కడ దొంగ దొరికాడు, గడువు ముంచుకొస్తోంది. మీటర్లే అయ్యుంటాయని తానూ అనుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున, నీళ్లు దిగాక, కర్ర చూపించి పెద్ద డ్రైవరును అడిగింది. ప్రెసిడెంటు పక్కనే ఉన్నాడు. వాచ్‌మన్ బండెక్కి మూత తీసి చూసి, వచ్చేటప్పుడు నిండుగానే ఉందనీ, ఇప్పుడు చుక్క లేదనీ అన్నాడు. లోపల దొంగ అర కట్టించుకుంటే పైనుంచి చూసేవాడికేం తెలుస్తుందన్నాడు ప్రెసిడెంటు. తెరిచిన రిజిస్టరును బానెట్ మీద పెట్టి, బండి నంబరూ డ్రైవరూ పడేలా ఫోన్లో ఫొటో తీశాడు. పెద్ద డ్రైవరు ఫొటోకు అడ్డు చెప్పలేదు. ప్రెసిడెంటు వెళ్లేదాకా ఆగి, అప్పటికే ఇంట్లోకెళ్లిన ఆమె కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నా. ఒక్క బకెట్టు పక్కకి పోసినవాణ్ని కాదు. లారీలు తూచే కాటా ఉంది కదా, అక్కడికి పోదాం. నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూయించండి. తేడా పది టన్నులు రాకపోతే ఈ తాళాలు మీరే తీసుకోండి."

అది న్యాయమైన మాట. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, కాటాకు మొహమాటం ఉండదు. గంట సేపటి పని. కానీ లోపల భర్త పక్క తడిపేసి ఆమెను పిలవడానికి గొంతులోంచి ఏదో శబ్దం చేస్తున్నాడు. మీటింగు సాయంత్రమే ఉంది. పైగా, కాటాలో పది టన్నులు వస్తే తన దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగలదన్న భయం ఎక్కడో అడుగున ఉంది.

"రేపు చూద్దాంలే," అని కిటికీ రెక్క వేసేసింది.

రేపు రాలేదు. సాయంత్రం మీటింగులో ఆమె కొలతలు చదివింది. మొన్న ఆమెను వేలెత్తి చూపినవాడే లేచి చప్పట్లు కొట్టాడు. రెండో ట్రిప్పుల్లో తరుగు పట్టుకుని బిల్లులో కోసేశారు. ప్రెసిడెంటు ఫొటోను టాంకర్ల ఓనరుకు పంపాడు. ఓనరు కోత గురించి ఒక్క మాట వాదించలేదు. పెద్ద డ్రైవరు దగ్గర తాళాలు లాక్కున్నాడు. కోసిన డబ్బు అతని బాకీ కింద రాసుకున్నాడు. ఆ ఫొటోను ఊళ్లోని టాంకర్ల ఓనర్లందరూ ఉన్న గ్రూపులో పెట్టాడు. కింద రెండు ముక్కలు: నీళ్ల దొంగ.

మర్నాడు ఏడింటికి అదే బండిని కొత్త మనిషి తెచ్చాడు. ఓనరుకు మేనల్లుడు. కాలనీకి మళ్లీ అనుమానం రాకూడదని స్వయంగా ఓనరే దగ్గరుండి నింపించి, మూతకు సీలు వేసి పంపించాడు. స్టోర్సు అక్క తేలిక మనసుతో కర్ర ముంచింది. ముందు నూట ముప్పై ఎనిమిది. నీళ్లు దిగాక తీసి చూసింది. నూట అరవై ఆరు.

ఇరవై ఎనిమిది.

కర్ర తుడిచి మళ్లీ ముంచింది. ఈసారి ఇంకాస్త తక్కువే కనిపించింది. బండెళ్లి అయిదు నిమిషాలు కాలేదు, మోటారు ఆపే ఉంది. అయినా మట్టం దిగింది.

ఇంట్లోకెళ్లి రిజిస్టరు ముందేసుకుంది. అన్నాళ్లూ డ్రైవర్ల పేర్ల వెంట చూసిన కొలతలను ఈసారి 'ముందు' గడి వెంట చూసింది. ముందు మట్టం నూట పదిహేను లోపుంటే ప్రతి బండీ ముప్పై మూడు. ఎవరు తెచ్చినా సరే. మట్టం నూట యాభై దాటే ట్రిప్పే తక్కువ. ఏడు గంటల బండి ఎప్పుడూ ఆరు గంటల బండి మీద వచ్చి పడుతుంది కాబట్టి అదొక్కటే నూట యాభై దాటుతుంది. మధ్యలో ఒక రోజు చిన్న డ్రైవరు టైరు పంచరై, ఇద్దరూ ముందువెనకలయ్యారు. ఆ రోజు పెద్ద డ్రైవరు ముందొచ్చి ముప్పై మూడు పోశాడు. చిన్న డ్రైవరు బండికి ఇరవై ఎనిమిదే వచ్చింది. ఆ వరస ఆమె చేతిరాతే. రాసినప్పుడు చూడలేదు. చూడాలనుకోలేదు.

టార్చి తీసుకుని సంపు మూత పక్కన బోర్లా పడుకుంది. నీళ్లు నిలకడగా లేవు. రోడ్డువైపు గోడ దగ్గర చిన్న సుడి తిరుగుతోంది. అక్కడ గోడలో రెండంగుళాల పాత పైపు నోరు తెరుచుకుని ఉంది. ఎప్పుడో మున్సిపాలిటీ పంపు నీళ్లు వచ్చే రోజుల్లో వాడి, బయట బిరడా బిగించి వదిలేసిన పైపు అది. ఆరు వారాల కిందట కేబుళ్ల కోసం రోడ్డు తవ్వినవాళ్లు దాన్ని విరగ్గొట్టి మట్టి కప్పేసి వెళ్లారు. మట్టం నూట యాభై దాటిందంటే చాలు, నీళ్లు చప్పుడు లేకుండా రోడ్డు కింది కాలువలోకి పోతున్నాయి. బండి దిగుతుండగా పదిహేను వందలు. ఆ తర్వాత మోటారు వేసేదాకా ఇంకో మూడు వేల వంద. రోజుకు నాలుగు వేల ఆరు వందలు. నెలకు లక్షా ముప్పై ఎనిమిది వేలు. గుచ్చిన ఆ తొంభై నాలుగు వేలూ అక్కడే ఉన్నాయి.

ప్లంబరు వచ్చి అరగంటలో పైపుకు లోపలి నుంచి బిరడా వేసి సిమెంటు పూశాడు. మర్నాడు ఏడు గంటల బండికి ముప్పై మూడు వచ్చింది. నాలుగో అంతస్తు ఇల్లాలు పిల్లలకు తలంటుపోసి, కిందికొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. స్టోర్సు అక్కకు ఆ చేతులు వదిలించుకోవాలనిపించింది.

ప్రెసిడెంటు రిజిస్టరంతా చూశాడు. చెడ్డవాడు కాదాయన. పైపు సంగతి బాగుపడింది కాబట్టి ఇక అక్కడితో వదిలేద్దామన్నాడు. కోసిన డబ్బు తిరిగివ్వాలంటే మళ్లీ అందరి మీదా వేయాలి. సంపు బాగోగులు కమిటీవే కాబట్టి కమిటీనే తిడతారు. ఓనరుకు కోపమొస్తే బండ్లు ఆపేస్తాడు. యాభై నాలుగు ఇళ్లను ఎండబెట్టేంత పెద్ద విషయమా ఇది అని అడిగాడు.

"ఆయన కాటా దగ్గరకి రమ్మన్నాడండీ," అందామె. "నేనే కిటికీ వేసేశాను."

ఆ మధ్యాహ్నం రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసింది: రెండో ట్రిప్పుల తరుగు బండిది కాదు, సంపుది. డ్రైవరు తప్పు లేదు. కొలత నాది, తప్పు నాది. కింద సంతకం పెట్టి, నకలు ఒకటి ఫ్లాట్ల వాడకం పట్టీ పక్కనే నోటీసు బోర్డు మీద అంటించింది. సాయంత్రానికి కాలనీ రెండుగా చీలింది. ఎక్కువమంది ఆమె మీదే పడ్డారు. వారం తిరక్కుండా రిజిస్టరు వాచ్‌మన్ చేతికి వెళ్లింది. కోసిన డబ్బు మాత్రం తిరిగి కట్టారు, అది కూడా బండ్లు ఆగిపోతాయన్న భయానికే. మాఫీ పోయింది. ఆమె చెవి దిద్దులు అమ్మి మూడు నెలల మెయింటెనెన్సు ముందుగా కట్టేసింది. ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు.

పక్కింటావిణ్ని భర్త దగ్గర కూర్చోబెట్టి, టాంకర్ల యార్డుకు వెళ్లింది. ఓనరు డబ్బు అందిందన్నాడు, బాకీ కొట్టేశానన్నాడు. డ్రైవరును మళ్లీ తీసుకోమంటే నవ్వాడు. బండి మేనల్లుడికిచ్చేశాడట. గ్రూపులో పెట్టిన మాట తప్పని రాయమంటే, రోజుకు వంద ఫొటోలొస్తాయి, పాతవి ఎవరు చూస్తారమ్మా అన్నాడు. అడ్రసు మాత్రం ఇచ్చాడు.

పెద్ద డ్రైవరు ఇంటికి తాళం వేసి ఉంది. అతని కూతురు అదే వీధిలో బట్టలు కుడుతుంది. ఎవరో తెలిశాక ఆ పిల్ల మిషను ఆపలేదు, తల ఎత్తలేదు. నాన్న బజార్లో నీళ్ల క్యాన్లు మోస్తున్నాడని చెప్పింది. ఏ యార్డుకెళ్లినా ఫోను తీసి ఆయన ఫొటో ఆయనకే చూపిస్తున్నారని చెప్పింది.

బజారు వీధి చివర కనిపించాడు. తోపుడు బండి నిండా ఇరవై లీటర్ల క్యాన్లు. ఒకటి భుజానికెత్తుకుని మెట్లెక్కుతూ, మధ్యలో ఆగి గోడకానుకున్నాడు. కిందికి దిగేదాకా ఆమె ఎండలో నిలబడి, దిగాక అంతా చెప్పింది. పైపు, నూట యాభై, పంచరు రోజు, అన్నీ. అతను తుండుతో మెడ తుడుచుకుంటూ విన్నాడు.

"అంటే ఆ రోజు కాటాకి పోయుంటే..." అని ఆగాడు.

"తేలిపోయేది," అందామె.

షాపువాడు ఇంకో రెండు క్యాన్లని కేకేశాడు. తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

"కాగితం మీద రాసిస్తారా?" అని అడిగాడు.

రాసిచ్చింది. కాగితం చాలదని ఆమెకూ తెలుసు. మర్నాడు వాచ్‌మన్‌ను బతిమాలి రెండు గంటలకని రిజిస్టరు తీసుకుని, అతనితో కలిసి యార్డుల వెంట తిరిగింది. మొదటి యార్డులో కూర్చోమనలేదు. రెండోదాంట్లో గ్రూపులో రాసింది అబద్ధమని ఆ ఓనరే రాయాలన్నారు. మూడోవాడు ఎర్ర సిరా చదివి, నువ్వెంతిచ్చావు ఈవిడకని పెద్ద డ్రైవరునడిగి నవ్వాడు. ఆమె రిజిస్టరు మూసుకుని బయటికొచ్చింది. నాలుగోది మూసి ఉంది. అప్పటికి రెండు గంటలూ దాటిపోయి మూడో గంట నడుస్తోంది. ఇంటి దగ్గర భర్త ఎలా ఉన్నాడోనని కాళ్లు లాగుతున్నాయి. అతను ఇక చాల్లెమ్మా అన్నాడు. ఆమె వినలేదు.

అయిదో యార్డు ఊరి చివర ఉంది. అక్కడ లెక్కలు చూసేది ఆ యార్డు ఓనరు తల్లి. కళ్లజోడు సర్దుకుని, 'ముందు' గడీ 'తర్వాత' గడీ వేలితో ఒక్కొక్కటే చదివింది. పంచరు రోజు వరస దగ్గర ఆగింది. ఇంకోసారి చదివింది.

"ఇది చూసే ఉంటావుగా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనడిగింది.

స్టోర్సు అక్క ఆ వరసలోని తన చేతిరాతను చూసింది. తల వంచుకుంది.

ఆ పెద్దావిడ స్టీరింగ్ ఇవ్వలేనంది. ఫొటో చూసిన కాలనీలవాళ్లు బండిని గేటులోకి రానివ్వరంది. నీళ్లు నింపే చోట టోకెన్లు చూసి పైపు తిప్పే మనిషి కావాలంది, డ్రైవరు జీతంలో సగం ఇస్తానంది. అతను ఒప్పుకున్నాడు. బండెక్కి ముప్పై ఏళ్లు కూర్చున్నవాడు ఇక కింద నిలబడి బండ్లు నింపాలి. ఒప్పుకుంటున్నప్పుడు అతను ఎవరి ముఖమూ చూడలేదు.

బయటికొచ్చాక, బస్సు ఆగే చోటు దాకా తోడొచ్చాడు. ఆమె భర్తకు ఎలా ఉందని మామూలుగానే అడిగాడు. అలాగే ఉందంది. క్యాన్లకంటే ఇదే నయమనీ, భుజానికి తెరిపి దొరుకుతుందనీ అన్నాడు. అప్పుడప్పుడూ వచ్చి ఎలా ఉన్నాడో చూసివెళతానని ఆమె చెప్పబోయింది.

"వద్దమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "మీరు చేయాల్సింది చేశారు. కానీ మిమ్మల్ని చూస్తే నాకా కిటికీయే గుర్తొస్తుంది. ఇక రాకండి."

బస్సొచ్చింది. అతను చేయెత్తి ఆపాడు. రిజిస్టరును గుండెకు హత్తుకుని ఆమె ఎక్కి, నిలబడేందుకు ఒక కడ్డీ వెతుక్కుంది.